"ట్రై చేస్తాం" అన్నది ఎవరికి ఎలా వినపడింది: బెంగళూరు టీమ్, కోపెన్‌హేగన్ క్లయింట్, ఒక కేసు

"నేను కాదనే చెప్పానండీ. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను."

బెల్లందూరులో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని ఆ టీమ్ లీడ్ నాతో అన్న మొదటి మాట ఇది. అప్పటికి రెండు రోజుల ముందే కోపెన్‌హేగన్‌లో ఉన్న ప్రాజెక్ట్ మేనేజర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆవిడ అంతే గట్టిగా "ఆయన ఒప్పుకున్నారు, నేను నోట్స్‌లో రాసుకున్నాను" అన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరూ ఒకే కాల్ గురించే చెబుతున్నారు.

నా పని బెంగళూరులో ఐటీ టీమ్‌లకీ విదేశీ క్లయింట్లకీ మధ్య మాట దగ్గర వచ్చే చిక్కులు చూడటం. ఈ కేసు రాయడానికి రెండు వైపులా అనుమతి తీసుకున్నాను, కంపెనీ పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు. టీమ్‌లో తొమ్మిది మంది, అందులో ఆరుగురు తెలుగువాళ్లు. లీడ్‌ది గుంటూరు, సీనియర్ డెవలపర్‌ది కడప, మిగతావాళ్లు వయసులో చిన్నవాళ్లు. పని డెన్మార్క్‌లోని గోడౌన్లు వాడే ఒక సాఫ్ట్‌వేర్. పెట్టెల మీద లేబుల్స్ ప్రింట్ చేసే భాగం జూన్ 14కి కావాలని వాళ్లు అడిగారు, 14కి అది అందలేదు, అక్కడ గోడౌన్‌లో ఆ పని కోసం అదనంగా పెట్టుకున్న మనుషులు రెండు రోజులు ఖాళీగా కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చిన మెయిల్‌లో "ఈ టీమ్ చెప్పే తేదీలను నమ్మలేం" అని ఉంది. ఆ వాక్యం దగ్గరే నన్ను పిలిచారు.

తేదీ అడిగిన కాల్ రికార్డింగ్ దొరికింది. వేసవి కాలంలో వాళ్లకి ఉదయం పది అంటే మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఆ టైమ్‌లో వారానికి రెండు కాల్స్. లీడ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు నిమిషాలే నాలుగుసార్లు విన్నాను. ఆవిడ అడిగింది, 14కి ఇవ్వగలరా అని. మొదట కాసేపు ఏ మాటా లేదు. తర్వాత ఇతను "యాక్చువల్లీ... ఇట్ ఈజ్ ఎ లిటిల్ టైట్" అన్నాడు. ఆవిడ "అయినా కుదురుతుందా?" అంది. ఇతను "వియ్ విల్ ట్రై అవర్ బెస్ట్" అన్నాడు. ఆవిడ "మంచిది, అయితే 14 అని పెట్టుకుంటున్నాను" అంటే ఇతను "ఓకే, లెట్ మీ చెక్ విత్ మై మేనేజర్ ఆల్సో" అన్నాడు.

అతను చెప్పిన మూడు "కాదు"లు ఇవీ: టైట్ అన్నాను, ట్రై అన్నాను, పైవాళ్లని అడగాలి అన్నాను. తెలుగువాళ్లెవరికి ఈ సంభాషణ వినిపించినా అర్థమైపోతుంది. పెళ్లికి పిలిస్తే "తప్పకుండా ప్రయత్నిస్తామండి" అన్నవాళ్లకి భోజనాల లెక్కలో విస్తరి వేయం కదా. ఇల్లు అడగడానికి వెళ్తే ఓనర్ "ఇంట్లో అడిగి చెప్తానండి" అంటే ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. మన దగ్గర ఆ మాటలు మర్యాదకి చెప్పేవే అయినా వాటికి అర్థం ఖాయంగా ఉంది. కానీ ఆ డేనిష్ మేనేజర్ చెవికి ట్రై అంటే కష్టపడి చేస్తాం అనే, టైట్ అంటే పని ఎక్కువగా ఉంది గానీ అవుతుంది అనే, మేనేజర్‌ని అడగాలి అంటే ఒక లాంఛనం మిగిలింది అనే. కుదరకపోతే కుదరదు అనేవాళ్ల మధ్య పెరిగిన మనిషికి, "కాదు" అనే మాట లేకపోవడమే అవును.

ఇక్కడిదాకా చాలామంది ట్రైనర్లు చెప్పేదే. మనవాళ్లు మొహమాటస్తులు, నో చెప్పడం నేర్పాలి అని ఒక స్లైడ్ వేసి వెళ్లిపోతారు. నేను దాన్ని ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

రికార్డింగ్ ఆపి లీడ్‌ని ఒక ప్రశ్న అడిగాను. "ఇదే ప్రశ్న మీ డిపార్ట్‌మెంట్ హెడ్ తెలుగులో అడిగితే ఏం చెప్పేవారు?" ఆ హెడ్‌ది విజయవాడ, వయసులోనూ హోదాలోనూ ఇతనికంటే చాలా పెద్ద. ఇతను ఆలోచించకుండా చెప్పాడు: "పద్నాలుగుకి అవ్వదండి. ఇరవై ఒకటికైతే ఇచ్చేయొచ్చు."

చూడండి, అంత పెద్దాయనకి నేరుగా "అవ్వదు" అని చెప్పాడు, మొహమాటం ఏమీ లేదు. చెప్పగలిగాడు ఎందుకంటే ఆ మాట చివర "అండి" ఉంది. "అవ్వదు", "అవ్వదండి" మధ్య సమాచారంలో తేడా లేదు, తేదీలో తేడా లేదు, కానీ మొదటిది మొహం మీద కొట్టినట్టు ఉంటుంది, రెండోది పద్ధతిగా ఉంటుంది. మనకి మర్యాద క్రియ చివర వేలాడుతుంది, అందుకని విషయాన్ని ముక్కుసూటిగా చెప్పే వీలు ఉంది. ఇంగ్లీషులోకి మారగానే ఆ అండి పోతుంది. మిగిలిన "ఇట్ వోంట్ బి డన్" అతని చెవికి "అవ్వదు, పో" అన్నట్టు వినిపిస్తుంది. దాన్ని మెత్తబరచడానికి అతని దగ్గర వేరే సాధనం లేదు కాబట్టి అతను విషయాన్నే మెత్తబరిచాడు. టైట్ అన్నాడు, ట్రై అన్నాడు. మర్యాద కోసం తేదీని ఖర్చు పెట్టాడు.

ఇది మనకి మాత్రమే జరిగేది కాదు. జాన్ గంపర్జ్ అనే భాషాశాస్త్రవేత్త బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయంలో సిబ్బంది క్యాంటీన్ గురించి రాసిన ఉదాహరణ ఈ రంగంలో అందరికీ తెలుసు. అక్కడ వడ్డించే భారత, పాకిస్తానీ మహిళలు "గ్రేవీ" అనే ఒక్క మాటని స్వరం దించి అడిగేవారు. ఇంగ్లీషు శ్రోతకి ప్రశ్న అంటే చివర్లో స్వరం పైకి లేవాలి. దించితే "ఇదిగో గ్రేవీ, తీసుకుంటే తీసుకో" అన్నట్టు వినిపించి, వీళ్లు మొరటువాళ్లు అనుకున్నారు. ఆ మహిళల భాషలో స్వరం అలా దిగడమే మామూలు. ఒక భాషలో మర్యాద ఎక్కడ దాక్కుని ఉంటుందో రెండో భాషలో అక్కడ ఉండదు, సమస్యంతా అంతే.

ఇక ఆ మొదటి నిశ్శబ్దం సంగతి. లీడ్ "నేను వెంటనే అవునని అనలేదు కదండీ, ఆగాను కదా" అన్నాడు, అది నాలుగో "కాదు" అని అతని ఉద్దేశం. అది సరైన ఉద్దేశమే. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ ఎంత ఉంటుందో 2009లో పది భాషల మీద జరిగిన ఒక పరిశోధన కొలిచింది. సగటున సెకనులో ఐదో వంతు. దాదాపు అన్ని భాషల్లోనూ కాదనే జవాబు అవుననే జవాబు కంటే ఆలస్యంగా వస్తుంది, అంటే తటపటాయింపు అనేది అందరికీ తెలిసిన సంకేతమే. అయితే ఆ పదింటిలో అతి తక్కువ ఖాళీ జపనీస్‌ది, దాదాపు సున్నా. అతి ఎక్కువ డేనిష్‌ది, సుమారు 470 మిల్లీసెకండ్లు, అంటే అర సెకను. (ఆ పదింటిలో భారతీయ భాష ఏదీ లేదు, కాబట్టి తెలుగుకి అంకె చెప్పను.) అర సెకను ఖాళీ మామూలుగా ఉండే మనిషికి మన తటపటాయింపు తటపటాయింపులా వినిపించదు. పైగా మధ్యలో ఇంటర్నెట్ ఉంది, మాట అటు చేరి జవాబు ఇటు రావడానికి పట్టే సమయం కూడా ఆ ఖాళీలోనే కలిసిపోతుంది, కాబట్టి ఆవిడకి వినిపించిన నిశ్శబ్దంలో ఎంత నెట్‌దో ఎంత మనిషిదో తేల్చుకునే దారి లేదు.

ఈ ఖాళీయే ఇంకో గొడవకీ మూలం. కోపెన్‌హేగన్ వైపు నుంచి వచ్చిన రెండో ఫిర్యాదు: "నన్ను మాట పూర్తి చేయనివ్వరు." టీమ్ అది విని చాలా బాధపడింది, ఎందుకంటే వాళ్ల ఉద్దేశంలో ఆవిడ మాట్లాడటం అయిపోయాకే వీళ్లు మొదలుపెడుతున్నారు. రికార్డింగ్‌లో అది స్పష్టంగా ఉంది. ఆవిడ ఒక వాక్యం చెప్పి, అర సెకను ఆగి, రెండో వాక్యం మొదలుపెడుతుంది. ఆ ఆగడం మనవాళ్లకి "నా వంతు వచ్చింది" అని వినిపిస్తుంది. మనవాడు అందుకుంటాడు, కానీ అతని గొంతు అక్కడికి చేరేసరికి ఆవిడ రెండో వాక్యం మధ్యలో ఉంటుంది. ఫోన్ సంభాషణకి ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకండ్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం చెబుతుంది. ఆ మాత్రం ఆలస్యం కూడా ఇలా ఒకరి మాటకి ఒకరు అడ్డం పడటానికి చాలు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే మనవాళ్లు ఆవిడ ముఖం చూసి ఆగేవారు. కాల్స్‌లో సగం మంది కెమెరా ఆపేసి ఉన్నారు.

దానితోపాటు ఊఁ కొట్టడం. మనం ఎవరైనా చెబుతుంటే ఊరకే వినం, ఊఁ, ఆఁ, అవునవును, అలాగే అంటూ వింటాం, లేకపోతే చెప్పేవాళ్లే "వింటున్నావా?" అని అడుగుతారు. ఇంగ్లీషులో ఆ ఊఁ కాస్తా "ఎస్ ఎస్, ఓకే ఓకే" అయింది. ఒక పది నిమిషాల ముక్కలో లెక్క పెడితే కడప అబ్బాయి ఒక్కడే 31 సార్లు "ఎస్" అన్నాడు. అందులో ఒప్పుకుంటూ అన్నవి నాలుగు, మిగతావన్నీ వింటున్నాను అని చెప్పడానికి. ఆవిడ పాత నోట్స్ తిరగేస్తే "అంగీకరించారు" అని రాసుకున్న మూడు చోట్ల వెనుక ఉన్నది ఈ ఊఁ కొట్టుడే.

మూడోది "సార్", "మేడమ్". మొదటి వారంలోనే ఆవిడ నన్ను పేరుతో పిలవండి చాలు అంది. డేనిష్‌లో మన "మీరు" లాంటి మాట ఒకటి ఉంది గానీ 1970ల నుంచి అది దాదాపు వాడుకలో లేదు, అందరూ అందరినీ "నువ్వు" అనే పిలుచుకుంటారు, కాబట్టి ఆవిడ అడిగింది పెద్ద విషయమేమీ కాదు. టీమ్ బుద్ధిగా మేడమ్ మానేసింది. కానీ పేరు పెట్టి పిలవలేకపోయింది. ఇరవై నాలుగేళ్ల పిల్లలకి తల్లి వయసున్న మనిషిని ఒట్టి పేరుతో పిలవడానికి నోరు రాదు. ఫలితం ఏమైందంటే అసలు పిలవడమే మానేశారు. కాల్‌లో ఎవరినైనా మాట మధ్యలో ఆపి ఏదన్నా అడగాలంటే ముందు పిలవాలి కదా. పిలుపు పోయేసరికి చిన్నవాళ్ల సందేహాలూ పోయాయి. లేబుల్ ప్రింటర్ మోడల్ మారిందన్న సంగతి ఒక జూనియర్ అమ్మాయికి మే నెలాఖరుకే తెలుసు, ఆలస్యానికి సగం కారణం అదే, కానీ ఆ అమ్మాయి మూడు కాల్స్‌లో నోరు తెరవలేదు. "ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు మేడమ్" అని నాతో చెప్పింది.

ఇక చేసిన పని. ఆరు వారాలు పట్టింది, ముందు టీమ్‌తో మొదలుపెట్టాం.

లీడ్‌కి నేను "నో చెప్పండి" అని చెప్పలేదు. మీరు తెలుగులో చెప్పిన వాక్యమే చెప్పండి, అండికి బదులు ఒక మాట వెతుకుదాం అన్నాను. చాలా మాటలు ప్రయత్నించాం. "సారీ" పెడితే ప్రతి తేదీకీ క్షమాపణ అడిగినట్టుంది, "సార్" కుదరదు. చివరికి "అన్‌ఫార్చునేట్లీ" నిలిచింది. "అన్‌ఫార్చునేట్లీ నాట్ ఫోర్టీన్త్. ట్వెంటీ ఫస్ట్ విల్ వర్క్." మెత్తదనం అంతా ఆ ఒక్క మాటలో ఉంటుంది, తేదీలో ఉండదు. కాదు అన్నది మొదటి వాక్యంలోనే రావాలి, కారణం తర్వాత. మనం తెలుగులో కారణం ముందు చెప్పి వినేవాళ్లనే "అయితే కుదరదన్నమాట" అనేదాకా తీసుకొస్తాం, అక్కడ వినేవాళ్లు ఆ పని చేయరు, కారణం వింటూ జవాబు కోసం ఎదురుచూస్తారు. "ట్రై" అనే మాటని తేదీ పక్కన వాడకూడదని టీమ్ అంతా ఒప్పుకుంది. ఊఁ కొట్టడానికి "మ్‌మ్" మాత్రమే, "ఎస్" అంటే ఒప్పుకున్నట్టే.

అప్పుడు ఇంకో అడ్డు బయటపడింది. హెడ్ కాల్‌లో ఉన్నరోజు లీడ్ మళ్లీ తేదీ చెప్పలేదు. "ఆయన ఉండగా నేనెలా చెప్తానండీ" అన్నాడు. పెద్దాయన కూర్చుని ఉండగా ముందు నోరు తెరవడం అతనికి ఇంగ్లీషు సమస్య కానే కాదు. దీనికి మాటలతో మందు లేదు, ఏర్పాటు కావాలి. కాల్‌కి పదిహేను నిమిషాల ముందు హెడ్, లీడ్ తెలుగులో మాట్లాడుకుని తేదీలు తేల్చుకోవడం, కాల్ మొదట్లో హెడ్ స్వయంగా "తేదీలు తను చెప్తారు" అనడం. పెద్దాయనే మాట ఇప్పించాక లీడ్‌కి చెప్పడానికి ఏ ఇబ్బందీ లేకపోయింది. ఆ హెడ్ ఇది అర్థం చేసుకుని ప్రతిసారీ మర్చిపోకుండా చేశారు, ఆయన సాయం లేకపోతే ఈ కేసు ఇక్కడే ఆగిపోయేది.

జూనియర్లకి పేరుతో పిలవడం రాతలో మొదలుపెట్టించాను. చాట్‌లో "హాయ్" పక్కన ఆవిడ పేరు రాసి ఒక ప్రశ్న, రోజుకి ఒకటి. నోటితో కంటే వేళ్లతో తేలిక. ఆ ప్రింటర్ అమ్మాయి రెండు వారాలు అలా రాశాక కాల్‌లో ఒకరోజు పేరు పెట్టి పిలిచింది. తమలో తాము తెలుగులో మాట్లాడుకున్నప్పుడు ఆవిడ, వచ్చారు, అన్నారు అనే మాట్లాడుకుంటారు, దాన్ని మార్చాల్సిన అవసరమే లేదు.

కోపెన్‌హేగన్ వైపు కూడా పని ఉంది. మనవాళ్లే మారాలంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆవిడకి చెప్పింది ఒకటే ముఖ్యమైనది: "ఇవ్వగలరా?" అని అడగకండి, "ఏ తేదీకి ఇస్తారు, దానికి ఏం అడ్డం ఉంది?" అని అడగండి. ఇవ్వగలరా అన్న ప్రశ్నకి కాదంటే అడిగిన మనిషిని కాదన్నట్టు ఉంటుంది, ఏ తేదీకి అంటే కాదనాల్సిన అవసరమే రాదు. కాల్ చివర "14 అని రాసుకున్నాను, సరేనా?" అనకుండా, "మీరేం పంపుతున్నారో, ఎప్పుడో మీరే చెప్పండి" అనమన్నాను, ఎందుకంటే సరేనా అంటే సరే అనే వస్తుంది. మాట అయిపోయినప్పుడు ఎవరో ఒకరి పేరు పిలిచి వంతు ఇవ్వమన్నాను. మనవాళ్లు ఆవిడ ఆగాక మనసులో "ఒకటి, రెండు" అనుకుని మొదలుపెట్టారు. మొదట్లో ఆ నిశ్శబ్దం వీళ్లకి భరించలేనంత ఉండేది, మూడో వారానికి అలవాటైంది.

ఆవిడ మెయిల్స్ కూడా ఒకసారి కలిసి చదివాం. "సెండ్ ది ఫైల్ టుడే" అని ఒట్టిగా ఉండేవి. టీమ్ వాటిని కోపంగా చదువుకుని టెన్షన్ పడేది. డేనిష్‌లో "ప్లీజ్"కి సరిపోయే ఒక్క రోజువారీ మాట లేదు, వాళ్లు అడిగేటప్పుడు కంటే అందుకున్నాక థ్యాంక్స్ చెప్పడంలో మర్యాద చూపిస్తారు. నిజంగానే ఫైల్ పంపిన ప్రతిసారీ ఆవిడ నుంచి వెంటనే థ్యాంక్స్ వచ్చి ఉంది. టీమ్ దాన్ని ఇంతకాలం లెక్కలోకి తీసుకోలేదు.

తప్పులు కూడా జరిగాయి. కడప అబ్బాయికి ఈ పద్ధతి బాగా పట్టుబడి, అదే కంపెనీలో జపాన్ క్లయింట్ ఉన్న ప్రాజెక్టుకి మారాక అక్కడ కూడా మొదటి వాక్యంలోనే "నాట్ ఫోర్టీన్త్" అన్నాడు. అవతల నిశ్శబ్దం, ఆ తర్వాత కాల్స్‌లో అతనికి ప్రశ్నలు రావడం ఆగిపోయింది. అది నా పొరపాటు, ఇది డేన్‌లతో మాత్రమే అని గట్టిగా చెప్పి ఉండాల్సింది. జపనీయులు "పరిశీలిస్తాం" అన్నా "కొంచెం కష్టం" అన్నా చాలాసార్లు కాదనే అర్థం. అక్కడ ఇతను మామూలుగా "కొంచెం కష్టమండి" ధోరణిలో చెప్పి ఉంటే ఏ అనువాదమూ లేకుండా చేరేది. అతనితో విడిగా కూర్చుని పాత పద్ధతిలో కొంత వెనక్కి తెచ్చాం. క్షమాపణ ముందు, కారణం తర్వాత, తేదీ మీటింగ్ అయ్యాక మెయిల్‌లో.

ఆరో వారంలో ఒక కాల్‌లో నేను వింటూ కూర్చున్నాను. ఆవిడ కొత్త రిపోర్ట్ ఏ తేదీకి వస్తుంది, 9కి కావాలి అంది. లీడ్ రెండు అంకెలు లెక్కపెట్టి, "అన్‌ఫార్చునేట్లీ నాట్ నైన్త్. సిక్స్‌టీన్త్. టెస్టింగ్‌కి ఇంకా ఒక ప్రింటర్ రావాలి" అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ "ఫైన్, సిక్స్‌టీన్త్" అని తర్వాతి విషయానికి వెళ్లిపోయింది. మొత్తం పది సెకన్లు పట్టి ఉండదు. కాల్ అయ్యాక లీడ్ మైక్ ఆపి నావైపు తిరిగాడు.

"ఆవిడకి కోపం వచ్చిందంటారా అండీ?"

రికార్డింగ్ వెనక్కి తిప్పి ఆవిడ గొంతు ఇంకోసారి వినిపించాను.